పుట్టింటికి వెళ్లే గర్భిణి చేతికి ఒక పేజీ ఇచ్చి పంపండి: నగరాల్లోని గైనకాలజిస్టులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు నమస్కారం.

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, బెంగళూరు లాంటి నగరాల్లో గర్భిణులకు నెలనెలా చెకప్ చేస్తూ, తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్తామంటే సరేనని పంపే గైనకాలజిస్టులకూ నర్సింగ్ హోమ్ యాజమాన్యాలకూ ఈ లేఖ రాస్తున్నాను. నేను జిల్లాలో ఒక ఏరియా ఆసుపత్రి లేబర్ వార్డులో పనిచేస్తాను. మీరు ఏడెనిమిది నెలలు చూసిన అమ్మాయిలు సీమంతం అయ్యాక మా ఊళ్లకు వస్తారు. వాళ్లలో చాలామందిని మేము మొదటిసారి చూసేది నొప్పులు మొదలైన రాత్రో, బీపీ పెరిగి తలనొప్పి వచ్చిన రాత్రో.

నేను కోరేది ఒక్కటే. 28 వారాల చెకప్ రోజున ఆమె రికార్డు మొత్తాన్ని మూడు త్రైమాసికాలుగా సర్ది, స్కాన్లు, రక్తపరీక్షలు, రిస్క్ ఫ్లాగులు ఒకే పేజీలో రాసి, సంతకం చేసి ఆమె చేతికి ఇవ్వండి. ఫైలు ఇవ్వడం లేదని అనడం లేదు. ఫైలు ఎప్పుడూ వస్తుంది, కవర్ నిండా కాగితాలుంటాయి. ఇబ్బంది ఆ కాగితాలు ఉన్న వరుసతోనే.

చెకప్ రికార్డు తేదీల వరుసలో పెరుగుతుంది. ఆ రోజు ఆమె ఏం చెప్పింది, బరువెంత, బీపీ ఎంత, ఏ మందు రాశారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అన్నవి ఉంటాయి. మళ్లీ నెలకు ఆమెను చూసేది మీరే కాబట్టి మీకు అది చాలు. మిగతాది మీకు గుర్తుంటుంది, గుర్తులేకపోతే ఆమెను అడుగుతారు. మాకు కావలసినవి వేరు. ఇవాళ్టికి ఎన్ని వారాలు? ఆ లెక్కకు ఆధారం ఏమిటి? బ్లడ్ గ్రూపు ఏమిటి? మాయ ఎక్కడుంది? బిడ్డ ఎదుగుదల సరిగా ఉందా? చేయాల్సిన పరీక్షల్లో ఏది మిగిలిపోయింది? చివరి ప్రశ్నకైతే తేదీల వరుసలో రాసిన రికార్డు ఎప్పటికీ జవాబివ్వదు. జరిగినదే అందులో ఉంటుంది, జరగనిదానికి అందులో చోటే లేదు.

ఒక కేసు చెప్తాను. మేము చూసిన కొందరి వివరాలు కలిపి, తేదీలు మార్చి రాశాను, కాబట్టి ఇది ఏ ఒక్కరి కథా కాదు. కానీ ఇందులో ఉన్న ప్రతి లోపం మీకూ మాకూ పరిచయమైనదే.

24 ఏళ్ల అమ్మాయి, తొలి కాన్పు. చివరి నెలసరి 2025 జనవరి 5. ఆమెకు నెలసరి ఎప్పుడూ క్రమంగా వచ్చేది కాదు. నగరంలో ఆరుసార్లు చెకప్ అయింది: మార్చి 11, ఏప్రిల్ 12, మే 8, జూన్ 5, జులై 10, ఆగస్టు 12. ఆ తర్వాత పుట్టింటికి వచ్చింది. సెప్టెంబర్ 11 రాత్రి తలనొప్పితో మా దగ్గరకు తీసుకొచ్చారు. బీపీ 152/100, మూత్రంలో ఆల్బుమిన్ ఉంది. కవర్లో చీటీలు, నాలుగు స్కాన్ రిపోర్టులు, ల్యాబ్ కాగితాలు ఉన్నాయి. తల్లి పక్కనే నిలబడి "తొమ్మిదో నెల పడిందండీ" అంటోంది.

మొదట తేల్చుకోవాల్సింది వారాలు. నెలసరి లెక్కన ఆ రాత్రికి 35 వారాల 4 రోజులు, కాన్పు తేదీ అక్టోబర్ 12. మార్చి స్కాన్ రిపోర్టులో అక్టోబర్ 22 అని ఉంది. జూన్‌లో బిడ్డ అవయవాల్లో లోపాలు చూసేందుకు చేసిన టిఫా స్కాన్‌లో అక్టోబర్ 20. ఆగస్టు గ్రోత్ స్కాన్‌లో నవంబర్ 2. చివరి చీటీ మీద పెన్నుతో నవంబర్ 2 అనే రాసి ఉంది. దాన్ని నమ్మితే ఆ రాత్రికి 32 వారాల 4 రోజులే. మార్చి స్కాన్‌ని నమ్మితే 34 వారాల 1 రోజు.

ఇది కాగితాల గొడవగా కనిపించొచ్చు. కానీ ఆ రాత్రి చేయాల్సిన పని అంతా దాని మీదే ఉంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 24 నుంచి 34 వారాల మధ్య ఇస్తాం. 32 వారాలైతే ఇంజెక్షన్ మొదలుపెట్టి, పసిపిల్లల ఐసీయూ ఉన్న చోటికి అంబులెన్స్‌లో పంపాలి. 35 దాటితే ఆలోచన వేరుగా ఉంటుంది. మూడు తేదీలకు మూడు వేర్వేరు నిర్ణయాలు. ఏది సరైనదో తేల్చడానికి రాత్రి పూట కవర్ తిరగేయాలి. ఆ లోపల అమ్మాయి బీపీ ఆగదు.

అసలు లెక్క కష్టమైనదేమీ కాదు. మార్చి 11 నాటి స్కాన్‌లో సీఆర్‌ఎల్, అంటే తల నుంచి పిరుదుల దాకా పిండం పొడవు, 15 మిల్లీమీటర్లు. అది 7 వారాల 6 రోజుల గర్భం. నెలసరి లెక్కన ఆ రోజుకు 9 వారాల 2 రోజులు ఉండాలి. తేడా 10 రోజులు. నెలసరి లెక్కన 9 వారాలు నిండాక చేసిన తొలి త్రైమాసికపు స్కాన్‌తో తేడా వారం దాటితే స్కాన్ తేదీనే తీసుకోవాలి. అంతకంటే ముందైతే 5 రోజులు దాటినా స్కాన్‌దే మాట. కాబట్టి ఈ అమ్మాయి కాన్పు తేదీ అక్టోబర్ 22. ఒకసారి అలా నిర్ణయించాక తర్వాతి స్కాన్లు ఏం చెప్పినా దాన్ని మార్చకూడదు. తొలి మూడు నెలల్లో పిండాలన్నీ దాదాపు ఒకే వేగంతో పెరుగుతాయి. తర్వాత ఒక్కో బిడ్డ ఒక్కో తీరుగా పెరుగుతుంది. అందుకే ఆగస్టులో మెషీన్ కొలిచేది బిడ్డ సైజును, వయసును కాదు.

ఆగస్టు 12 నాటికి ఆమెకు నిజంగా 29 వారాల 6 రోజులు. మెషీన్ మాత్రం సైజు చూసి 28 వారాల 2 రోజులని చెప్పింది. అంచనా బరువు 1,210 గ్రాములు. సరైన వారాల పక్కన పెట్టి చూస్తే ఆ బరువు అట్టడుగు పది శాతంలో పడుతుంది, అంటే బిడ్డ ఎదుగుదల వెనకబడుతోంది. కాన్పు తేదీని నవంబర్ 2కి జరిపేసరికి అదే బరువు సరిగ్గా ఉన్నట్టు కనిపించింది. చిన్న బిడ్డ ఉందన్న సంగతి తేదీ మార్పు కింద దాగిపోయింది. గ్రోత్ స్కాన్ చేయించింది ఆ సంగతి తెలుసుకోవడానికే కదా.

అందుకే త్రైమాసికాల వారీ సారాంశం రాసేటప్పుడు మొదటి పని కాన్పు తేదీ ఒక్కటే రాసి, దాని పక్కన ఆధారం రాయడం. ఆ తర్వాత ప్రతి చెకప్‌నూ ప్రతి స్కాన్‌నూ ఆ ఒక్క తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి వారాల్లోకి మార్చాలి. చీటీ మీద అప్పట్లో రాసిన వారాలను ఎత్తి రాయకూడదు, అవి ఏ లెక్కన రాసినవో తెలియదు. తొలి స్కాన్ అసలు లేని అమ్మాయిలు కూడా ఉంటారు. వాళ్లకు టిఫా స్కాన్‌ని ఆధారం చేసుకుని "అంచనా తేదీ" అని స్పష్టంగా రాయండి. చివరి మూడు నెలల స్కాన్ ఒక్కటే ఉంటే లెక్క మూడు వారాల దాకా తప్పొచ్చు. ఆ మాట కూడా రాయండి. సందేహం ఉందని తెలిస్తే మేము దానికి తగ్గట్టు నడుచుకుంటాం.

ఇక బీపీ. ఆరు చీటీల్లోనూ 140/90 కంటే తక్కువే ఉంది. ఏ చీటీకి ఆ చీటీ తీసి చూస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. వాటిని వారాల పక్కన వరుసగా రాసి చూడండి. 8వ వారంలో 102/64, 12లో 104/64, 16లో 100/62, 20లో 106/66, 25లో 116/74, దాదాపు 30లో 128/84. మధ్య నెలల్లో బీపీ కాస్త తగ్గి చివర్లో మళ్లీ పెరగడం మామూలే, అంచేత ఈ పెరుగుదల ఒక్కదాన్ని చూసి జబ్బు అని పేరు పెట్టలేం. పాత పుస్తకాల్లో మొదటి బీపీ కంటే పైది 30, కిందిది 15 పెరిగితే జబ్బేననే నియమం ఉండేది, దాన్ని ఇప్పుడు నిర్ధారణకు వాడటం లేదు. కానీ తొలి కాన్పు, పెరుగుతున్న బీపీ, చిన్న బిడ్డ మూడూ ఒకే పేజీలో కనిపిస్తే ఏ డాక్టరూ ఆమెను నెల రోజుల తర్వాత రమ్మనరు. వారంలో బీపీ, మూత్రంలో ఆల్బుమిన్, రెండు వారాల్లో బిడ్డకు రక్తప్రవాహం చూసే డాప్లర్‌తో మళ్లీ గ్రోత్ స్కాన్ రాస్తారు. ఈ కేసులో ఆగస్టు 12 నుంచి సెప్టెంబర్ 11 దాకా ఆమె బీపీ ఎవరూ చూడలేదు. నగరంలో ఒక డాక్టర్ వదిలారు, ఊళ్లో ఇంకో డాక్టర్ పట్టుకోలేదు. రెండు వారాలకోసారి చూడాల్సిన సమయం సరిగ్గా ఆ ప్రయాణం మధ్యలోనే పోయింది.

మూడోది ఆమె బ్లడ్ గ్రూపు. ఓ నెగెటివ్, భర్తది బి పాజిటివ్. మార్చిలో ఐసీటీ చేశారు, నెగెటివ్ వచ్చింది. అంటే బిడ్డ పాజిటివ్ రక్తానికి ఎదురుతిరిగే యాంటీబాడీలు ఆమె రక్తంలో అప్పటికి లేవు. 28 వారాలకు ఐసీటీ మళ్లీ చేసి, అవి పుట్టకుండా 300 మైక్రోగ్రాముల యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆమెకు 28 వారాలు నిండింది జులై 30న. అంతకు ముందు చెకప్ జులై 10, తర్వాతది ఆగస్టు 12. ఇంజెక్షన్ రోజు ఆ రెండింటి మధ్యలో పడింది. జులైలో ఇంకా టైముంది అనుకుని ఉంటారు. ఆగస్టులో స్కాన్ రిపోర్టు మీద దృష్టి ఉండి ఉంటుంది. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. తేదీల వరుసలో రాసే రికార్డుకు "ఇది ఇంకా చేయలేదు" అని గుర్తుచేసే గుణం లేదని చెప్పడానికి రాస్తున్నాను. మూడో త్రైమాసికం గడిలో "28 వారాలు: ఐసీటీ, యాంటీ-డి" అని ముందే అచ్చువేసి ఉంటే, ఆ ఖాళీ కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించేది. ఆలస్యమైనా ఇవ్వొచ్చు కాబట్టి ఆగస్టు 12న ఇచ్చినా సరిపోయేది.

యాంటీ-డి ఇచ్చి ఉంటే ఆ తేదీ తప్పకుండా రాయాలి. ఇంజెక్షన్ తర్వాత కొన్ని వారాల పాటు ఐసీటీ స్వల్పంగా పాజిటివ్ రావొచ్చు. అది ఇంజెక్షన్ వల్ల వచ్చిందో, తల్లి శరీరం సొంతంగా యాంటీబాడీలు తయారుచేసిందో తేదీ లేకుండా చెప్పలేం. ఆ ఒక్క తేదీ లేక మేము అనవసరంగా కంగారు పడిన సందర్భాలూ ఉన్నాయి, వాళ్ల ఇంటివాళ్లను టెన్షన్ పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

షుగర్ సంగతి కూడా అలాంటిదే. జులై చీటీలో "షుగర్ నార్మల్" అని ఉంది. ఏ షుగర్? ల్యాబ్ కాగితం వెతికితే అది ర్యాండమ్ షుగర్, 98. గర్భిణులకు మనం చేయాల్సింది 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చూసే పరీక్ష. అది 140 లేదా అంతకు మించితే గర్భధారణ షుగర్. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలి. ర్యాండమ్ 98 ఉన్న అమ్మాయికి ఆ పరీక్షలో 150 రావొచ్చు. సారాంశంలో "నార్మల్" అన్న మాటను ఎక్కడా రాయకండి. పరీక్ష పేరు, అంకె, తేదీ రాయండి. నార్మలో కాదో మేము చూసుకుంటాం.

ఇంతదాకా చెప్పినదాన్ని ఒక పేజీగా సర్దితే ఆగస్టు 12న ఆ అమ్మాయి చేతికి ఇలాంటిది వెళ్లి ఉండేది:

కాన్పు తేదీ: 22-10-2025. ఆధారం: 11-3-2025 స్కాన్, సీఆర్‌ఎల్ 15 మి.మీ., 7 వారాల 6 రోజులు. నెలసరి లెక్కతో తేడా 10 రోజులు. ఇక మార్చరాదు.

మొదటి త్రైమాసికం, 13 వారాల 6 రోజుల దాకా. స్కాన్లు: 7 వారాల 6 రోజులకు గుండె చప్పుడు ఉంది, ఒకే పిండం. 12 వారాల 3 రోజులకు ఎన్‌టీ 1.4 మి.మీ. రక్తం: ఓ నెగెటివ్, ఐసీటీ నెగెటివ్, హిమోగ్లోబిన్ 11.2. గ్లూకోజ్ పరీక్ష చేయలేదు. బీపీ 102/64, 104/64.

రెండో త్రైమాసికం, 14 నుంచి 27 వారాల 6 రోజుల దాకా. టిఫా 20 వారాల 1 రోజుకు: లోపాలు కనిపించలేదు, మాయ అంచు గర్భాశయ ముఖద్వారానికి 12 మి.మీ. దూరంలో. హిమోగ్లోబిన్ 25 వారాలకు 9.6. ర్యాండమ్ షుగర్ 98, 75 గ్రాముల పరీక్ష చేయలేదు. బీపీ 100/62, 106/66, 116/74.

మూడో త్రైమాసికం, 28 వారాల నుంచి. గ్రోత్ స్కాన్ 29 వారాల 6 రోజులకు: బరువు 1,210 గ్రాములు, ఆ వారాలకు తక్కువ. మాయ అంచు 34 మి.మీ. దూరంలో. హిమోగ్లోబిన్, మూత్రం, ఐసీటీ, యాంటీ-డి: చేయలేదు. బీపీ 128/84.

ఫ్లాగులు: ఒకటి, ఓ నెగెటివ్, యాంటీ-డి బాకీ, ఐసీటీకి రక్తం తీశాక వెంటనే ఇవ్వాలి. రెండు, బిడ్డ ఎదుగుదల తక్కువ, బీపీ పెరుగుతోంది, వారంలోపు బీపీ, మూత్రం, రెండు వారాల్లో డాప్లర్. మూడు, హిమోగ్లోబిన్ 9.6, మందు మొదలైంది, నాలుగు వారాలకు మళ్లీ చూడాలి. నాలుగు, షుగర్ పరీక్ష బాకీ. ముగిసినది: 20 వారాలకు మాయ కిందికి ఉంది, 29 వారాల 6 రోజులకు పైకి జరిగింది.

ఇంతే. చదవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఆ చివరి వరుస గురించి ఒక మాట చెప్పాలి. టిఫా స్కాన్‌లో మాయ కిందికి ఉందని చెప్పగానే ఇంట్లో వాళ్లకు అది మనసులో నాటుకుపోతుంది. గర్భాశయం పెరిగేకొద్దీ చాలామందిలో మాయ అంచు ముఖద్వారానికి దూరమవుతుంది. 20 మిల్లీమీటర్లు దాటాక అది ఇక కిందికి ఉన్న మాయ కాదు. ఆ సంగతి గ్రోత్ స్కాన్‌లో ఎక్కడో ఒక వాక్యంగా ఉంటుంది, ఎవరూ చదివి చెప్పరు. తొమ్మిదో నెలలో కాస్త ఎరుపు కనిపించి వచ్చిన అమ్మాయి అమ్మ "మాయ కిందికి ఉందన్నారు" అని చెప్తే, మేము లోపల పరీక్ష చేయడానికి జంకి, స్కాన్ చేసే డాక్టర్ కోసం ఎదురు చూస్తాం. ఫ్లాగు తీసేసినప్పుడు దాన్ని చెరిపేయకండి. "ముగిసింది" అని తేదీతో రాయండి. పాత రిపోర్టు కవర్లో ఉన్నంత కాలం ఆ ప్రశ్న మళ్లీ వస్తూనే ఉంటుంది.

ప్రభుత్వ రికార్డులో రిస్క్ గుర్తు లేదని కాదు. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన చెకప్ చేసి తల్లీబిడ్డల కార్డు మీద స్టిక్కర్ అంటిస్తారు. రిస్క్ ఉంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. గర్భం వల్ల వచ్చిన బీపీకి నీలం, షుగర్, థైరాయిడ్ లాంటి వాటికి పసుపు కూడా ఉన్నాయి. గ్రామంలో ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఒక్క చూపులో ఆమెను గుర్తుపట్టడానికి అది బాగా పనికొస్తుంది. లేబర్ వార్డులో మాత్రం రంగు సరిపోదు. ఎందుకు ఎరుపో, ఎప్పటి నుంచో, దానికి ఏం చేశారో, ఇంకా ఏం చేయాలో తెలియాలి. ఫ్లాగుకు ఈ నాలుగూ లేకపోతే అది భయపెడుతుందే తప్ప దారి చూపదు. మీ ప్రైవేటు ఫైళ్లలో చాలావాటికి ఆ రంగు కూడా ఉండదు.

ఇంకో వైపు, ఫ్లాగులు మరీ ఎక్కువైతే ఎవరూ చూడరు. కొన్ని కంప్యూటర్ ప్రింట్లలో థైరాయిడ్‌కు చిన్న మోతాదు మాత్ర వేసుకుంటూ టీఎస్‌హెచ్ అదుపులో ఉన్న అమ్మాయికీ, వయసు 31 ఉన్న అమ్మాయికీ, తీవ్రమైన రక్తహీనత ఉన్న అమ్మాయికీ ఒకే "హై రిస్క్" ముద్ర ఉంటుంది. నా అభిప్రాయం ఇది: కాన్పు ఎక్కడ, ఎప్పుడు, ఎలా చేయాలన్నదాన్ని మార్చేవి పైన రాయండి. నెగెటివ్ గ్రూపు, పాత సిజేరియన్, ముఖద్వారాన్ని కప్పిన మాయ, బీపీ, ఎదుగుదల లోపం, 7 కంటే తక్కువ హిమోగ్లోబిన్, ఇన్సులిన్ వాడుతున్న షుగర్ అలాంటివి. కొనసాగించాల్సిన మందులు కింద రాయండి. ఆ రెండిటినీ కలపకండి.

ఖాళీల గురించి కూడా జాగ్రత్త కావాలి. "చేయలేదు", "చేశారు కానీ రిపోర్టు దొరకలేదు", "తెలియదు" ఈ మూడూ వేర్వేరు. మొదటిదైతే మేము పరీక్ష చేస్తాం. రెండోదైతే మీకు ఫోన్ చేస్తాం. గడి ఖాళీగా ఉంటే ఏ పని చేయాలో మాకు తెలియదు. ఖాళీ బాగుండదని గీత గీయడం, తేడా ఏమీ కనిపించలేదనే అర్థంలో "ఎన్‌ఏడీ" అని రాయడం ఇంకా ప్రమాదం.

ఎత్తి రాసేటప్పుడు వచ్చే పొరపాట్లు కూడా ఉంటాయి. బ్లడ్ గ్రూపును పాత చీటీ నుంచి కాకుండా ల్యాబ్ రిపోర్టు నుంచే రాయాలి, ఆ రిపోర్టు మీద పేరు, వయసు సరిచూసి మరీ. ఒకే పేరున్న ఇద్దరి కాగితాలు ఒకే ఫైల్లో దూరడం ఆశ్చర్యమేమీ కాదు. తేదీ రాసేటప్పుడు రిపోర్టు ప్రింటయిన రోజు కాదు, రక్తం తీసిన రోజు రాయాలి. ఫోన్లో వాట్సాప్‌లో వచ్చిన రిపోర్టులు ఫైల్లోకి ఎక్కవు, అందుకే సారాంశం రాసే రోజు ఆమె ఫోన్ కూడా చూపించమని అడగండి. హెచ్‌బీఎస్‌ఏజీ, వీడీఆర్‌ఎల్ లాంటి ఇన్ఫెక్షన్ పరీక్షలను "అన్నీ నెగెటివ్" అని గుండుగుత్తగా కాకుండా విడివిడిగా రాయండి.

హెచ్‌ఐవీ విషయంలో మాత్రం నేను వేరేగా అడుగుతున్నాను. ఈ పేజీ బస్సులో, ఆటోలో, అత్తగారి చేతుల్లో, వదినగారి ఫోన్‌లో తిరుగుతుంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆమె సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. ఫలితం ఏదైనా సరే, ఈ పేజీలో "పరీక్ష అయింది, తేదీ ఇది" అని మాత్రమే రాసి, ఫలితాన్ని అంటించిన కవర్లో డాక్టర్ పేరు మీద పంపండి. అందరికీ ఒకేలా చేస్తేనే కవర్ ఉందన్న దాన్ని బట్టి ఎవరూ ఏమీ ఊహించలేరు. ఇంతకు ముందు అబార్షన్ అయిన సంగతి ఇంట్లో తెలియకపోవచ్చు. దాన్ని ఎలా రాయాలో ముందు ఆమెనే, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. వైద్యపరంగా మాకు అవసరమైనదే కాబట్టి అది కూడా అదే కవర్లోకి వెళ్లొచ్చు.

ఇది ఎవరు చేయాలన్నది మీకు వచ్చే మొదటి ప్రశ్న. ఓపీలో సాయంత్రం కిక్కిరిసిన జనం ఉంటారని నాకు తెలుసు. పరీక్షలు, స్కాన్లు, బీపీల వరుస స్టాఫ్ నర్సు నింపగలరు. కాన్పు తేదీ నిర్ణయం, ఫ్లాగులు మాత్రం డాక్టరే రాయాలి. అవి ఎత్తి రాయడం కాదు, తీర్పు. మొదటి చెకప్ నుంచే ఆ పేజీలో కొంచెం కొంచెం నింపుకుంటూ వస్తే 28 వారాలకు చేయాల్సింది ఎక్కువ మిగలదు. కంప్యూటర్ రికార్డు ఉన్నవాళ్లు ప్రింట్‌ను తేదీల వారీగా కాకుండా త్రైమాసికాల వారీగా ఇచ్చేలా మార్పించుకోవచ్చు, కానీ ఆ ప్రింట్ సరిచూసి సంతకం పెట్టాల్సింది మీరే. సాఫ్ట్‌వేర్ ప్రతి స్కాన్‌కూ దాని సొంత కాన్పు తేదీ అచ్చువేస్తుంటే ఆ గడిని తీసేయించండి.

పేజీ ఇచ్చాక ఇంకో రెండుసార్లు దాని మీద చేయి పడాలి. 32 వారాలప్పుడు ఆమె మీ దగ్గరే ఉంటే ఒకసారి, ఊరు బయల్దేరే ముందు చివరి చెకప్‌లో ఒకసారి. కొత్తది అతికించకుండా అదే పేజీలో తేదీ వేసి చేర్చండి. పాత ప్రతి, కొత్త ప్రతి రెండూ కవర్లో ఉంటే మాకు మళ్లీ మొదటి ఇబ్బందే. బయల్దేరే ముందు, పుట్టింటి దగ్గర ఏ ఆసుపత్రికి వెళ్లబోతున్నారో అడిగి, అక్కడికి వెళ్లిన వారంలోపే నొప్పులు లేకపోయినా ఒకసారి చూపించుకోమని చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు నెలల్లో లెక్కపెడతారు కాబట్టి, తర్వాతి చెకప్‌కు "33 వారాలకు" అని కాకుండా తేదీ రాసి ఇవ్వండి. పైన చెప్పిన కేసులో ఆ తేదీ ఆగస్టు 19 అయ్యుండేది.

మా వైపు నుంచి చేయగలిగింది కూడా చెప్తాను. కాన్పు అయ్యాక తల్లి, బిడ్డ సంగతి, బిడ్డ బరువు, బిడ్డ బ్లడ్ గ్రూపు, యాంటీ-డి మళ్లీ ఇచ్చామా లేదా అన్నవి అదే పేజీ వెనక రాసి మీకు తిరిగి పంపుతాం. బిడ్డ పాజిటివ్ గ్రూపు అయితే 72 గంటల్లోపు ఇచ్చే ఇంజెక్షన్ గురించి రెండో గర్భానికి ఆమె మీ దగ్గరకు వచ్చినప్పుడు మీకు తెలియాలి కదా.

పేజీ చివర మీ పేరు, ఆసుపత్రి పేరుతో పాటు ఒక ఫోన్ నంబరు రాయండి. అపాయింట్‌మెంట్ల నంబరు వద్దు. రాత్రి రెండు గంటలకు డ్యూటీ నర్సు ఎత్తి, ఆ అమ్మాయి ఫైలు తీసి చదవగలిగే నంబరు కావాలి.

ఇట్లు,
జిల్లాలోని ఒక ఏరియా ఆసుపత్రి లేబర్ వార్డు డాక్టర్